పొద్దున పట్టని రిలే: బేస్ రెసిస్టర్ లెక్క

ప్రశ్న: సార్, నాచారంలో మా ఇంటి సంప్ మోటార్‌కి ESP32తో కంట్రోలర్ చేశాను. 5 వోల్టుల రిలే, BC547B ట్రాన్సిస్టర్, బేస్‌లో 10కె, కాయిల్ మీద 1N4007. రిలే కాంటాక్ట్‌తో కాంటాక్టర్ వేస్తున్నా, మోటార్ దాని మీద ఉంది. మాకు నీళ్లు పొద్దున్నే వదులుతారు. చలి మొదలయ్యాక ఆ టైంలో రిలే పట్టుకోవట్లేదు, మధ్యాహ్నం మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది. ఇదే సర్క్యూట్ BC547Cతో ఫ్రెండ్‌కి చేసిచ్చా, వాడింట్లో ఏ టైంలోనైనా పనిచేస్తోంది. మల్టీమీటర్‌లో నా ట్రాన్సిస్టర్ గెయిన్ 310 చూపించింది. బేస్ కరెంట్ 0.26 మిల్లీఆంప్, 310తో గుణిస్తే 80. రిలేకి 71 చాలు. లెక్క సరిగ్గానే ఉంది కదా? ఏది మార్చాలి? డయోడ్ వల్ల కాయిల్‌కి కరెంట్ తగ్గుతోందేమోనని కూడా డౌట్.

జవాబు:

రిలే బాగుంది, ట్రాన్సిస్టర్ బాగుంది, ఈ ఇబ్బందిలో డయోడ్‌కి పాత్ర లేదు. మార్చాల్సింది 10కె రెసిస్టర్. దాని స్థానంలో 680 ఓమ్‌లు పెట్టండి. అయితే ఆ 680 ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే రేపు ఇంకో రిలే పెట్టినప్పుడు మళ్లీ ఇక్కడే ఆగిపోతారు. అందుకని లెక్క మొత్తం చెప్తాను.

మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన మాట "మధ్యాహ్నం శుభ్రంగా పనిచేస్తోంది" అన్నది. పూర్తిగా ఆన్ అయిన ట్రాన్సిస్టర్ ఇరవై డిగ్రీల తేడాకి ఇలా మాట మార్చదు. మార్చిందంటే అది సగంలోనే ఆగిందని అర్థం.

ట్రాన్సిస్టర్ స్విచ్ ముందు కూర్చున్నప్పుడల్లా నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది: ఈ దారిలో పోయే కరెంట్ ఎంత అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? కాయిల్ నిర్ణయిస్తుంటే ట్రాన్సిస్టర్ స్విచ్‌గా పనిచేస్తున్నట్టు. మీ రిలే కాయిల్ 70 ఓమ్‌లు, సప్లై 5 వోల్టులు. భాగిస్తే 71 మిల్లీఆంపియర్లు. అంతకంటే ఎక్కువ పోవడానికి కాయిల్ ఒప్పుకోదు. బేస్‌కి మీరు ఇంకా కరెంట్ ఇచ్చినా కలెక్టర్‌లో 71 దాటదు. కలెక్టర్ వోల్టేజ్ దాదాపు నేల మీదకి వచ్చి ఆగిపోతుంది. సాచురేషన్ అంటే ఇదే. అలా కాకుండా బేస్ కరెంట్‌ని గెయిన్‌తో గుణిస్తే వచ్చేది 71 కంటే తక్కువైతే, అప్పుడు కరెంట్‌ని నిర్ణయించేది ట్రాన్సిస్టర్. కాయిల్‌కి అందాల్సిన వోల్టేజ్‌లో కొంత ట్రాన్సిస్టర్ తన దగ్గరే ఉంచుకుంటుంది. ఆ కొంత ఎంత అన్నది గెయిన్ మీద ఆధారపడుతుంది, గెయిన్ వేడి మీద ఆధారపడుతుంది. మీ బోర్డ్ ఇప్పుడు ఈ రెండో స్థితిలో ఉంది.

మీ బేస్ కరెంట్ లెక్కలో తప్పు లేదు. 3.3 వోల్టుల్లోంచి బేస్, ఎమిటర్ మధ్య పడే 0.7 తీసేసి 10కెతో భాగిస్తే 0.26 వస్తుంది. తేడా అంతా 310 దగ్గర ఉంది.

మల్టీమీటర్‌లో గెయిన్ చూసే సాకెట్ ట్రాన్సిస్టర్ బేస్‌కి చాలా చిన్న కరెంట్ ఇస్తుంది, మామూలు మీటర్లలో అది 10 మైక్రోఆంపియర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే కలెక్టర్‌లో పోయేది మూడు మిల్లీఆంపియర్లు. మీకు కనిపించిన 310 ఆ మూడు మిల్లీఆంపియర్ల దగ్గరి గెయిన్. డేటాషీట్‌లో BC547B గెయిన్ 200 నుంచి 450 వరకు అని రాసేది కూడా 2 మిల్లీఆంపియర్ల దగ్గర, కలెక్టర్ మీద 5 వోల్టులు ఉంచి కొలిచినది. కలెక్టర్ కరెంట్ పెరిగే కొద్దీ ఈ చిన్న ట్రాన్సిస్టర్ గెయిన్ పడిపోతుంది. 100 మిల్లీఆంపియర్ల దగ్గర B రకానికి 180, C రకానికి 300 అని కొన్ని డేటాషీట్లు మామూలు విలువలుగా ఇస్తాయి. వాటిని హామీగా తీసుకోకూడదు. ఆ గీతను పట్టుకుని చూస్తే మీ పనికి దొరికే గెయిన్ ఉజ్జాయింపుగా 190. దాన్ని 0.26తో గుణించండి:

```
0.26 mA x 190 = 49 mA
49 mA x 70 ohm = 3.4 V
5 V - 3.4 V = 1.6 V
```

కాయిల్‌కి అందుతున్నది 3.4 వోల్టులు. మిగతా 1.6 ట్రాన్సిస్టర్ మీద పడుతోంది. ఈ రకం చిన్న నీలం రిలేల డేటాషీట్‌లో పికప్ వోల్టేజ్ గరిష్ఠంగా 75 శాతం అని ఉంటుంది. 5 వోల్టుల రిలేకి అది 3.75 వోల్టులు, కరెంట్‌లో చెప్తే 54 మిల్లీఆంపియర్లు. అది తయారీదారు ఇచ్చే పైహద్దు. చేతికొచ్చే రిలేల్లో చాలావరకు అంతకంటే కాస్త ముందే పట్టుకుంటాయి. మీది 50 చుట్టుపక్కల పట్టుకునే రిలే అయి ఉండాలి. ఇప్పుడు ట్రాన్సిస్టర్ గెయిన్ డిగ్రీకి అర శాతం పైన పెరుగుతుందని గుర్తు పెట్టుకుని మన జనవరిని చూడండి. పొద్దున 14 డిగ్రీలు, మధ్యాహ్నం 30. మధ్యలో పది శాతం దాకా తేడా. పొద్దున 46, మధ్యాహ్నం 51. రిలే గీత ఆ రెండింటి మధ్యలో పడింది.

మీ ఫ్రెండ్ బోర్డ్ సంగతీ ఇక్కడే తేలిపోతుంది. వాడి ట్రాన్సిస్టర్ C రకం. గెయిన్ 300 వేసుకుంటే 78 మిల్లీఆంపియర్లు వస్తాయి, 71 దాటాయి కాబట్టి ఎలాగో గట్టెక్కింది. కానీ అది పటిష్ఠమైన సర్క్యూట్ ఏమీ కాదు. వాడి బోర్డ్‌లో కూడా రెసిస్టర్ మార్చండి. ఒకే సర్క్యూట్ ఒక ఇంట్లో పనిచేసి ఇంకో ఇంట్లో పనిచేయకపోతే, నేను ముందుగా అనుమానించేది ఆ సర్క్యూట్ ట్రాన్సిస్టర్ గెయిన్ మీద ఆధారపడి నిలబడుతోందా అన్నదే.

నా మాట మీద నమ్మకంతో టంకం పెట్టేయకండి, ముందు కొలవండి. రెసిస్టర్ మార్చక ముందే, పిన్ హై చేసి, మీటర్‌ని డీసీ వోల్టేజ్‌లో పెట్టి కలెక్టర్‌కి ఎమిటర్‌కి మధ్య చూడండి. 0.2, 0.3 వోల్టులు వస్తే సాచురేషన్‌లో ఉన్నట్టు. ఒక వోల్టు దాటితే లేనట్టు. మీకు ఒకటిన్నర చుట్టుపక్కల వస్తుందని నా అంచనా. ఆ మీటర్‌ని అలాగే ఉంచి ట్రాన్సిస్టర్‌ని రెండు వేళ్లతో పట్టుకోండి, లేదా వేడి సోల్డరింగ్ ఐరన్‌ని తాకించకుండా దగ్గరగా తీసుకురండి. వోల్టేజ్ మెల్లగా తగ్గుతూ వచ్చి రిలే టిక్‌మంటే ఇంకో రుజువు అక్కర్లేదు. సాచురేషన్‌లో ఉన్న ట్రాన్సిస్టర్‌ని ఎంత వెచ్చబెట్టినా ఆ అంకె కదిలినట్టు కనిపించదు. పొద్దున పిన్ హై అయిన కొన్ని సెకన్లకి ఆలస్యంగా టిక్‌మన్న సందర్భాలు మీకూ ఉండి ఉండాలి. ట్రాన్సిస్టర్ తన మీద పడ్డ ఒకటిన్నర వోల్టుతో తనే కాస్త వేడెక్కి, గెయిన్ పెరిగి, అప్పుడు గీత దాటుతుంది.

ఇక 680 లెక్క. సాచురేషన్ కోసం బేస్ రెసిస్టర్ ఎంచుకునేటప్పుడు డేటాషీట్‌లోని గెయిన్‌ని పక్కన పెట్టేయాలి. అదే డేటాషీట్‌లో కిందికి వెళ్తే కలెక్టర్, ఎమిటర్ మధ్య సాచురేషన్ వోల్టేజ్ అని ఒక వరుస ఉంటుంది. BC547కి అక్కడ రెండు కొలతలు ఇస్తారు: కలెక్టర్ 10 మిల్లీఆంప్, బేస్ 0.5, కలెక్టర్ 100, బేస్ 5. రెండింటిలోనూ నిష్పత్తి ఇరవై. ఈ ట్రాన్సిస్టర్ సాచురేషన్‌లో ఇంత వోల్టేజ్ దాటదని తయారీదారు హామీ ఇస్తున్నది ఆ ఇరవై దగ్గరే. గెయిన్ 200 ఉన్నదైనా 450 ఉన్నదైనా, A రకమైనా C రకమైనా, బేస్‌కి ఇరవయ్యో వంతు ఇస్తే ఆ హామీ వర్తిస్తుంది. దీన్నే మనవాళ్లు ఫోర్స్‌డ్ బీటా అంటారు. గెయిన్ ట్రాన్సిస్టర్ సొంత లక్షణం. ఫోర్స్‌డ్ బీటా మనం రెసిస్టర్‌తో బలవంతంగా పెట్టే నిష్పత్తి.

```
IC = 5 / 70 = 71 mA
IB = 71 / 20 = 3.6 mA
RB = (3.3 - 0.8) / 3.6 mA = 694 ohm
```

ఈసారి 0.7కి బదులు 0.8 తీసుకున్నాను. బేస్‌కి ఇంత కరెంట్ ఇచ్చి, కలెక్టర్‌లో డెబ్బై మిల్లీఆంపియర్లు పోతున్నప్పుడు బేస్ వోల్టేజ్ ఆ మాత్రం పెరుగుతుంది. 694కి దగ్గర్లో బజారులో దొరికేది 680. క్వార్టర్ వాట్ చాలు, దాని మీద కాలేది పది మిల్లీవాట్లు కూడా ఉండదు. ESP32 పిన్‌కి మూడున్నర, నాలుగు మిల్లీఆంపియర్లు ఇవ్వడం తేలికైన పని, పిన్ పోతుందన్న భయం వద్దు.

చాలామంది "1కె పెట్టెయ్, అదే సరిపోతుంది" అంటారు. 1కెతో బేస్‌కి 2.5 మిల్లీఆంప్ వస్తుంది, ఫోర్స్‌డ్ బీటా 28 అవుతుంది. B, C రకాలతో అది కూడా సాచురేషన్‌లోకి వెళ్తుంది, మీ రిలే పట్టుకుంటుంది. నా అభ్యంతరం ఆ అంకెతో కాదు, దాన్ని అన్ని రిలేలకీ మంత్రంలా వాడటంతో. రిలే ఎన్ని వోల్టులది అన్నది బేస్ లెక్కలోకి నేరుగా రాదు, కాయిల్ కరెంట్ వస్తుంది. ఇదే కుటుంబంలో 12 వోల్టుల రిలే కాయిల్ 400 ఓమ్‌లు, కరెంట్ 30 మిల్లీఆంపియర్లే. దానికి బేస్‌లో 1.5 చాలు, రెసిస్టర్ 1.7కె వస్తుంది, 1.5కె పెట్టుకోవచ్చు. వోల్టేజ్ ఎక్కువున్న రిలేకే బేస్ కరెంట్ తక్కువ కావాలి. అలాగే 5 వోల్టుల పిన్ ఉన్న ఆర్డుయినో ఊనోతో మీ రిలేనే నడిపితే లెక్క 1.17కె అవుతుంది, అక్కడ 1కె నిజంగా సరైన విలువ. 1కె మంత్రం అక్కడి నుంచే పుట్టి 3.3 వోల్టుల బోర్డుల మీదకి కూడా వచ్చేసిందని నా నమ్మకం.

ఒక చిన్న సలహా. BC547 కలెక్టర్ కరెంట్ గరిష్ఠ హద్దు 100 మిల్లీఆంపియర్లు, మీరు 71 లాగుతున్నారు. హద్దు లోపలే ఉన్నారు, ఇప్పుడున్నదాన్ని పీకక్కర్లేదు. కొత్త బోర్డ్ చేసేటప్పుడు మాత్రం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు BC337 అడగండి. దాని హద్దు 800 మిల్లీఆంపియర్లు, కాళ్ల వరుస BC547 లాగే ఉంటుంది. చదును వైపు మీకు కనిపించేలా, కాళ్లు కిందికి పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2222 రకం తీసుకుంటే జాగ్రత్త. PN2222A కాళ్లు ఎమిటర్, బేస్, కలెక్టర్ వరుసలో ఉంటాయి, P2N2222A కాళ్లు దానికి తిరగబడి ఉంటాయి. కలెక్టర్, ఎమిటర్ తారుమారైనా ట్రాన్సిస్టర్ కొద్దికొద్దిగా పనిచేస్తుంది, గెయిన్ మాత్రం బాగా పడిపోతుంది. అప్పుడు కూడా మీకు ఇలాంటి సగం లక్షణాలే కనిపిస్తాయి, రెసిస్టర్ ఎంత తగ్గించినా తీరవు.

సాచురేషన్‌లోకి పూర్తిగా వెళ్లకపోతే ట్రాన్సిస్టర్ కాలిపోతుందని అందరూ భయపెడతారు. మీ రిలే విషయంలో ఆ భయం అక్కర్లేదు. కాయిల్ ఒక రెసిస్టెన్స్ కాబట్టి, ట్రాన్సిస్టర్ మీద ఎక్కువ వేడి పుట్టేది సప్లైలో సగం దాని మీద పడినప్పుడు. 2.5 వోల్టులు, 36 మిల్లీఆంపియర్లు, అంటే 90 మిల్లీవాట్లు. కాయిల్ పవర్‌లో నాలుగో వంతు. BC547 ఆ వేడికి ఇరవై డిగ్రీల చుట్టుపక్కల పెరుగుతుంది, వేలు పెడితే గోరువెచ్చగా ఉంటుంది. అసలు నష్టం రిలే వైపు జరుగుతుంది. అరకొర కరెంట్‌తో పట్టుకున్న రిలేలో కాంటాక్ట్‌లు మెల్లగా కదిలి, గట్టిగా అదుముకోకుండా ఆనుకుంటాయి. ఆనుకున్న చోట వేడెక్కుతాయి, మచ్చలు పడతాయి, ఒక రోజు అతుక్కుపోతాయి. అప్పుడు ESP32 ఆఫ్ చెప్పినా మోటార్ ఆగదు, ట్యాంక్ పొంగుతుంది. ఇంత రాయడానికి కారణం అదే. రిలే పట్టుకోకపోవడం కన్నా సగం పట్టుకోవడం నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది.

చలికాలం గడిచిపోతే ఇబ్బంది తీరిపోతుందని కూడా అనుకోకండి. ఎండాకాలంలో ఇంకో చివర తెగుతుంది. కాయిల్ రాగితీగ, వేడెక్కితే దాని రెసిస్టెన్స్ డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. మేలో డాబా మీద ఎండకి పెట్టిన ప్లాస్టిక్ డబ్బా లోపల 60 డిగ్రీలు అనుకుందాం. 70 ఓమ్‌ల కాయిల్ 80 ఓమ్‌లవుతుంది. రిలే పట్టుకోవడానికి కావాల్సిన కరెంట్ మారదు, ఎందుకంటే ఇనుప పలకని లాగేది కరెంట్. ఆ 54 మిల్లీఆంపియర్లు 80 ఓమ్‌ల గుండా పోవాలంటే 4.3 వోల్టులు కావాలి. మీరు ఫోన్ చార్జర్ నుంచి సన్నటి యూఎస్‌బీ వైర్‌తో సప్లై తీసుకుంటే బోర్డ్ దగ్గరికి 4.8 మాత్రమే చేరవచ్చు. అందులో ట్రాన్సిస్టర్ 0.2 తీసుకుంటే కాయిల్‌కి 4.6 మిగులుతుంది, పట్టుకుంటుంది. అది 0.6 తీసుకుంటే 4.2 మిగులుతుంది, పైహద్దు దగ్గరున్న రిలే పట్టుకోదు. సాచురేషన్‌లో ఆ పాయింట్ నాలుగు వోల్టు తేడా కాగితం మీద చిన్నదే, మే నెలలో రిలే పట్టుకోవడం, పట్టుకోకపోవడం దాని మీదే ఆధారపడుతుంది. చల్లటి కాయిల్ ఎక్కువ కరెంట్ అడుగుతుంది కాబట్టి ట్రాన్సిస్టర్‌కి పరీక్ష జనవరిలో, వేడి కాయిల్ ఎక్కువ వోల్టేజ్ అడుగుతుంది కాబట్టి సప్లైకి పరీక్ష మేలో. ఇంకో సంగతి: ESP32 వైఫైలో పంపేటప్పుడు ఒక్కసారిగా కొన్ని వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది. రిలే ఆన్ అయ్యే క్షణంలోనే అది పడితే సప్లై ఇంకా దిగుతుంది. 5 వోల్టుల లైన్ మీద, రిలే దగ్గర, 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టుకోండి.

డయోడ్ దగ్గరికి వద్దాం. రిలే ఆన్‌లో ఉన్నంతసేపూ అది కరెంట్ తీసుకోదు. గీత ఉన్న వైపు ప్లస్ 5కి, రెండో వైపు కలెక్టర్‌కి ఉంటే, అది ఎదురు దిశలో ఉండి ఊరికే కూర్చుంటుంది. మీ రిలే మధ్యాహ్నం పట్టుకుంటోంది కాబట్టి మీ డయోడ్ సరైన దిశలోనే ఉంది. అయినా కొత్త బోర్డ్‌లో 680 పెట్టే ముందు డయోడ్ దిశ ఇంకోసారి చూసుకోండి, దానికి గట్టి కారణం ఉంది. డయోడ్ తిరగబడి ఉంటే, ట్రాన్సిస్టర్ ఆన్ కాగానే కరెంట్ కాయిల్‌ని వదిలేసి డయోడ్ గుండా నేరుగా కలెక్టర్‌కి వస్తుంది. ఆపడానికి కాయిల్ రెసిస్టెన్స్ మధ్యలో లేదు. 10కె ఉన్న బోర్డ్‌లో ఆ కరెంట్ యాభై మిల్లీఆంపియర్ల దగ్గరే ఆగుతుంది, రిలే పట్టుకోదు, ట్రాన్సిస్టర్ వేడెక్కి బతుకుతుంది. 680 ఉన్న బోర్డ్‌లో కొన్ని వందల మిల్లీఆంపియర్లు పోతాయి, మీద నాలుగు వోల్టులకు పైగా ఉంటుంది, వాట్ దాటుతుంది. BC547 కొన్ని సెకన్లలో పోతుంది. బేస్‌ని గట్టిగా నడిపే సర్క్యూట్‌లో డయోడ్ తప్పుకి క్షమాపణ ఉండదు.

ఆ డయోడ్ పనికొచ్చేది ఆఫ్ చేసే క్షణంలో. కాయిల్‌లో పోతున్న 71 మిల్లీఆంపియర్లు ట్రాన్సిస్టర్ మూసుకోగానే ఒక్కసారిగా ఆగలేవు. దారి దొరక్కపోతే కాయిల్ తన వోల్టేజ్‌ని పెంచుకుంటూ పోతుంది. BC547 తట్టుకునేది 45 వోల్టులు, ఆ స్పైక్ దాన్ని సులువుగా దాటుతుంది. మొదటిసారికే చావకపోవచ్చు. రోజూ దెబ్బ తింటూ, కొన్నాళ్లకి కలెక్టర్, ఎమిటర్ షార్ట్ అయి రిలే ఎప్పటికీ ఆన్‌లో ఉండిపోతుంది. డయోడ్ ఉంటే ఆ కరెంట్ డయోడ్, కాయిల్ మధ్య చుట్టూ తిరుగుతూ చల్లారుతుంది, కలెక్టర్ 5.7 వోల్టులు దాటదు. డయోడ్‌ని కాయిల్ కాళ్ల పక్కనే పెట్టండి, పొడవాటి వైర్ల చివర పెడితే ఆ వైర్ల చుట్టూ తిరిగే కరెంట్ పక్క సిగ్నళ్లని కెలుకుతుంది. 1N4007 స్లో డయోడ్ కదా, ఫాస్ట్ డయోడ్ కావాలి కదా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఆ స్లో అనేది డయోడ్ ఆగడంలో ఉంటుంది, కండక్ట్ చేయడం మొదలుపెట్టడంలో కాదు. మీ రిలే మళ్లీ ఆన్ అయ్యేది కొన్ని నిమిషాలకో గంటలకో. 1N4148 కూడా ఈ కరెంట్‌కి సరిపోతుంది.

డయోడ్‌కి ఒక మూల్యం ఉంది. కరెంట్ మెల్లగా చల్లారుతుంది కాబట్టి రిలే కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వదులుతుంది, కాంటాక్ట్‌లు కూడా కాస్త మందంగా విడిపోతాయి. పెద్ద ఇండక్టివ్ లోడ్‌ని నేరుగా తెంచే రిలేలో దీనివల్ల నిప్పురవ్వ ఎక్కువసేపు నిలుస్తుంది. అలాంటి చోట డయోడ్‌కి సిరీస్‌లో, ఎదురెదురుగా, 24 వోల్టుల జీనర్ పెడతారు. కలెక్టర్ 30 వోల్టుల దాకా ఎగిరి కరెంట్ త్వరగా పడిపోతుంది, 45 లోపలే ఉంటుంది. మీ రిలే నడిపేది కాంటాక్టర్ కాయిల్‌నే, మోటార్‌ని కాదు. మీకు అది అవసరం లేదు. మోటార్‌ని ఈ చిన్న రిలే మీద నేరుగా పెట్టకుండా కాంటాక్టర్ వాడినందుకు చాలా సంతోషం.

అయితే ఆ కాంటాక్టర్ కాయిల్ కూడా ఒక ఇండక్టరే, పైగా 230 వోల్టుల ఏసీది. రిలే దాన్ని తెంచినప్పుడు వచ్చే స్పైక్‌కి ESP32 రీసెట్ అయితే, జనం వెళ్లి చిన్న రిలే డయోడ్‌ని అనుమానిస్తారు. మోటార్ ఆగే క్షణంలో బోర్డ్ రీబూట్ అవుతుంటే కాంటాక్టర్ వైర్ తీసేసి, చిన్న రిలేని ఒంటరిగా ఆన్ ఆఫ్ చేసి చూడండి. అప్పుడు రీసెట్ కాకపోతే దోషం ఏసీ వైపు ఉంది. అక్కడ డయోడ్ పెట్టకూడదు, ఏసీలో ఒక అరసైకిల్‌కి అది షార్ట్ సర్క్యూట్. కాంటాక్టర్ కాయిల్ కాళ్ల మీద 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం కెపాసిటర్ సిరీస్‌లో పెట్టాలి. ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. ఏసీ వైరింగ్ అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

మీరు అడగకపోయినా మోటార్ ఉంది కాబట్టి ఒకటి చెప్పాలి. బేస్ నుంచి ఎమిటర్‌కి 4.7కె రెసిస్టర్ ఒకటి పెట్టండి. కరెంట్ పోయి వచ్చినప్పుడు ESP32 లేచేలోపు పిన్‌లు ఎవరి అదుపులోనూ ఉండవు, కొన్నిటికి లోపల బలహీనమైన పుల్‌అప్ కూడా ఉంటుంది. ఇంతకు ముందు 10కె ఉన్నప్పుడు దొంగ కరెంట్‌కి అడ్డం ఎక్కువ ఉండేది, ఇప్పుడు 680తో తలుపు వెడల్పయింది. 4.7కె ఆ కొద్దిపాటి కరెంట్‌ని నేలకి దించేస్తుంది. మామూలుగా ఆన్ చేసినప్పుడు అది తినేది 0.17 మిల్లీఆంప్, మన 3.7లో అది లెక్కలోకి రాదు. పిన్ కూడా చూసి ఎంచుకోండి. GPIO14 లాంటివి బూట్ సమయంలో ఊరికే ఆడతాయి. GPIO26, GPIO27, GPIO32, GPIO33 ఈ పనికి బాగుంటాయి.

అన్నీ పెట్టాక, పొద్దున చలిలోనే, నీళ్లు వదిలే టైంకి కొలవండి. పిన్ హై ఉన్నప్పుడు బేస్, ఎమిటర్ మధ్య 0.75 నుంచి 0.85 రావాలి. కలెక్టర్, ఎమిటర్ మధ్య 0.2 చుట్టుపక్కల, 0.3 లోపు రావాలి. కాయిల్ కాళ్ల మీద బోర్డ్‌కి అందుతున్న సప్లై కంటే అంతే తక్కువ ఉండాలి. గ్రౌండ్ నుంచి చూస్తే బేస్ దగ్గర ఒక వోల్టు దాటి కనిపిస్తే ట్రాన్సిస్టర్ లోపల తెగిందో, ఎమిటర్ గ్రౌండ్‌కి సరిగ్గా తగల్లేదో అని చూడండి. బేస్ సరిగ్గా ఉండి కలెక్టర్ మాత్రం ఇంకా ఒక వోల్టు పైన ఉంటే కాళ్లు తారుమారయ్యాయి. అన్నీ సరిగ్గా వచ్చి కాయిల్ మీద మాత్రం నాలుగున్నర లోపే ఉంటే, ఇక చూడాల్సింది చార్జర్‌ని, దాని వైర్‌ని. ఆ మూడు అంకెలూ ఇక్కడే రాయండి, ఫ్రెండ్ బోర్డ్‌వి కూడా కొలిచి రాస్తే ఇంకా మంచిది.